ఒకరికొకరు పూచీ

రెండు వేల తొమ్మిది ఫిబ్రవరి నుంచి మా ఇంట్లో ఫోన్ మోగితే ఎవరమూ లేచేవాళ్ళం కాదు. అది మోగి మోగి దానంతటదే ఆగేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుని, ఆగాక ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం. మా మామ కాశిం గారికి వినికిడి తక్కువ. ఇంట్లో నిశ్చింతగా పేపరు చదువుకునే మనిషి ఆయన ఒక్కరే. నాకైతే ఆయన చెవుడు మీద అసూయ పుట్టేది.

ఫోన్ బ్యాంకు నుంచి. ఫిబ్రవరి వాయిదా వెనక్కి వచ్చింది, మార్చి వాయిదా వెనక్కి వచ్చింది, ఎప్పుడు కడతారని అడగడానికి. వాళ్ళు మర్యాదగానే అడిగేవాళ్ళు. మర్యాదగా అడిగినకొద్దీ నాకు ఎక్కువ భయం వేసేది. అరిచేవాడికైతే తిరిగి అరవచ్చు, "ఎప్పుడు వీలవుతుందండీ" అన్నవాడికి ఏం చెప్తాం?

మా ఆయన కరిముల్లా హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. శుక్రవారం రాత్రి బయల్దేరి వచ్చి, ఆదివారం రాత్రి బండెక్కి వెళ్ళేవాడు. జనవరిలో అమెరికాలో ఎవరివో బ్యాంకులు మునిగితే ఇక్కడ ఈయన ప్రాజెక్టు మూతపడింది. టీము మొత్తాన్ని ఒక హాల్లోకి పిలిచి, మెళ్ళో కార్డులు తీయించుకుని, అటునుంచటే బయటికి పంపేశారు. సీట్లో ఉన్న టిఫిన్ డబ్బా తెచ్చుకోవడానికి కూడా సెక్యూరిటీ మనిషిని తోడిచ్చారట. ఆ సంగతి చెప్పేటప్పుడు మా ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

ఇల్లు బెంజ్ సర్కిల్ దాటి గన్నవరం వెళ్ళే రోడ్డు మీద, మూడో అంతస్తులో రెండు పడగ్గదుల ఫ్లాటు. మా మామ వన్ టౌన్‌లో ఇనప పెట్టెలు చేసేవారు. జీవితమంతా ఒక గోడౌను వెనక అద్దెగదిలో గడిపారు. సరుకు ఎక్కువొచ్చినప్పుడల్లా గోడౌను యజమాని గది ఖాళీ చెయ్యమనేవాడు, తగ్గాక మళ్ళీ రమ్మనేవాడు. వడ్డీ అంటేనే మొహం తిప్పుకునే మనిషి, ఈ ఫ్లాటు చూడటానికి తీసుకొచ్చిన రోజున మాత్రం గోడ మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు. ఈ వయసులో ఆయన్ని మళ్ళీ ఏ గోడౌను వెనక్కి తీసుకెళ్ళాలి? నా భయమంతా అదే. మిగతావన్నీ దాని పిల్లలు.

ఇప్పుడు మా ఆయనా, ఆయన స్నేహితుడు చక్రీ చేసిన తెలివైన పని చెప్పాలి. ఇద్దరూ ఒకే కంపెనీ, ఒకే ప్రాజెక్టు, ఒకే గది. ఒకే అపార్ట్‌మెంటులో ఫ్లాట్లు కొన్నారు, వాళ్ళది మా కింది అంతస్తు. ఒకే బ్రాంచిలో లోను పెట్టారు. బ్యాంకు గ్యారంటరు కావాలంది. అప్పటికి నాకింకా టీచరు ఉద్యోగం రాలేదు, మామ సంతకం పనికిరాదు. బయటివాళ్ళని బతిమాలుకోవడం ఎందుకని కరిముల్లాకి చక్రి, చక్రికి కరిముల్లా గ్యారంటీ సంతకాలు పెట్టుకున్నారు. అయిదు నిమిషాల్లో పనైపోయిందని ఆ రోజు సంబరపడి బిర్యానీ పట్టుకొచ్చారు కూడా. ఒకే కొమ్మ మీద కూర్చుని నేను పడితే నువ్వు పట్టుకో, నువ్వు పడితే నేను పట్టుకుంటానని మాట ఇచ్చుకున్నారన్నమాట. సాఫ్ట్‌వేర్ వాళ్ళలో సగం మంది లోన్లు ఇలాగే ఉంటాయని తర్వాత తెలిసింది.

కొమ్మ విరిగిన రోజు ఇద్దరూ కలిసే పడ్డారు. మా ఆయన ఇంటికొచ్చి చెప్పాడు. చక్రి చెప్పలేదు.

చక్రి భార్య ఉషశ్రీకి ఏమీ తెలియదు. తనని వేరే ప్రాజెక్టులోకి మార్చారని ఆమెతో చెప్పాడు. ఆదివారం రాత్రి అతను ఎప్పటిలాగే బ్యాగు తగిలించుకుని బండెక్కేవాడు. హైదరాబాదు గదిలో కూర్చుని ఏదో కోర్సు నేర్చుకుంటూ, క్రెడిట్ కార్డుల మీద డబ్బు తీసి తన ఈఎంఐ కడుతున్నాడు. ఇంకో ఉద్యోగం దొరికాక ఒకేసారి చెప్తానని, అందాకా నోరు విప్పొద్దని మా ఇద్దరి దగ్గరా మాట తీసుకున్నాడు. మాటిచ్చాం. ఇచ్చినప్పుడు పెద్ద కష్టమనిపించలేదు.

కష్టం ఉషశ్రీ పైకొచ్చినప్పుడల్లా తెలిసేది. మంచి పిల్ల. మా సంగతి తెలిసిన దగ్గర్నుంచి బజారుకు వెళ్తే నాకూ కూరలు తెచ్చేది, సాయంత్రం వచ్చి పక్కన కూర్చునేది. "మీకేం కాదక్కా. మా ఆయన ఉన్నాడుగా, వాళ్ళ కంపెనీలోనే మళ్ళీ చూస్తానన్నాడు" అనేది. చక్రిని మాత్రం దేవుడు చల్లగా చూశాడని అంటూ, ఆ మాట నా ముందు అన్నందుకు నొచ్చుకునేది. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తల ఊపేదాన్ని. ఆమె మెట్లు దిగి వెళ్ళాక నా మీద నాకే కంపరంగా ఉండేది.

ఏప్రిల్‌లో ఒంటిపూట బడులు. బడి నుంచి సరాసరి బ్యాంకుకు వెళ్ళాను, మా ఆయన అక్కడికే వచ్చాడు. చేతిలో నాలుగు పేజీల ఉత్తరం. ఇంగ్లీషులో ఉంది. మాంద్యం గురించి ఒక పేజీ, తన సర్వీసు గురించి ఒక పేజీ, కంపెనీ ప్రాజెక్టు మొత్తాన్ని ఎత్తేసి అందర్నీ తీసేసిందని, ఇందులో తన తప్పు లేదని ఇంకో పేజీ. ఈఎంఐ కొంతకాలం తగ్గించమన్న సంగతి చివరి పేజీలో, చివరి పేరాలో, సిగ్గుపడుతున్నట్టు రెండే లైన్లు.

మేనేజరు సొలొమోను గారు పెద్దవారు, మాట మెత్తన. నాలుగు పేజీలూ ఓపిగ్గా చదివి కళ్ళజోడు తీశారు. ఇంత ముందుగా వచ్చినందుకు మంచి పని చేశారన్నారు. ఫిబ్రవరి వాయిదా తప్పి తొంభై రోజులు దాటితే అకౌంటు మొండిబాకీల్లోకి పోతుంది, అప్పుడు నోటీసు, ఆ నోటీసు గడువు అరవై రోజులు, ఆ తర్వాత ఇంటి మీదికి రావడం. ఇదంతా ఆయన రైలు వేళలు చెప్పినట్టు చెప్పారు. మే మొదటి వారం దాకానే టైముంది.

వడ్డీ మాత్రం కట్టుకుంటామని, అసలు తర్వాత కడతామని మా ఆయన అడిగాడు. రాత్రంతా ఆలోచించి పెట్టుకున్న మాట అది. సొలొమోను గారు కాగితం మీద లెక్క వేసి చూపించారు. మేం కట్టే పద్దెనిమిది వేలల్లో అసలుకు పోయేది రెండు, మూడు వేలేనట. లోను కొత్తలో కట్టేదంతా వడ్డీయేనట. వడ్డీ ఒక్కటే కడతామంటే తగ్గేది చారెడు. నా జీతం పదకొండు వేలు. అందులో ఇల్లు గడవాలి. ఇన్నాళ్ళూ కట్టింది ఎటు పోయిందో ఆ క్షణంలో అర్థమైంది.

వేరే దారి ఉందన్నారాయన. ఆరు నెలలపాటు నెలకు ఆరేడు వేలు కట్టేలా, మిగిలిన వడ్డీని అసలులో కలిపేలా, లోను కాలం ఇంకో మూడు నాలుగేళ్ళు పెంచేలా రీజనల్ ఆఫీసుకు రాయొచ్చు. బాకీ పెరుగుతుంది, మొత్తం మీద ఎక్కువే కడతాం, కానీ ఇల్లు నిలుస్తుంది. మంజూరు చేసేది తను కాదు, రీజనల్ ఆఫీసు. దానికి ఉత్తరం ఇలా ఉండకూడదన్నారు.

"జాలి పడమని రాశారు. వాళ్ళు జాలిపడరండీ, లెక్క చూస్తారు. ఎప్పుడు పోయింది, ఇప్పుడు ఇంట్లో వచ్చేదెంత, నెలకు ఎంత కట్టగలరు, ఎన్నాళ్ళు, ఆ తర్వాత ఎలా. ఒక్క పేజీ చాలు. తెలుగులో రాసినా పర్లేదు."

నాకు ప్రాణం లేచి వచ్చింది. అప్పుడాయన మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని మూడో పేజీ తిప్పారు. లోను షరతులు మారుస్తున్నాం కాబట్టి గ్యారంటరు కూడా వచ్చి ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి, లేకపోతే ఆ గ్యారంటీ చెల్లదు, గ్యారంటీ లేని ఫైలు పైకి పోదు అన్నారు. మా ఫైలు తెరిచి పేరు చూశారు.

"చక్రి గారు. మీ ప్రాజెక్టే కదూ? ప్రాజెక్టు మొత్తం తీసేశారని రాశారు మరి."

ఇందులో తన తప్పు లేదని నమ్మించాలని మా ఆయన రాసుకున్న ఆ ఒక్క పేజీ స్నేహితుణ్ణి పట్టించేసింది. చక్రి లోను కూడా ఈ బ్రాంచిలోనే, ఆ ఫైలు కూడా ఆ బీరువాలోనే ఉందని మా ముగ్గురికీ తెలుసు.

"అతను వేరే ప్రాజెక్టుకి మారాడండి. ఉన్నాడు" అన్నాడు మా ఆయన.

అయితే మంచిదే, ఈ నెల జీతం స్లిప్పుతో రమ్మనండి అన్నారు సొలొమోను గారు. మేం లేచి నమస్కారం పెట్టి బయటికొచ్చాం. రోడ్డు మీద ఎండ పేలిపోతోంది. ఎందుకు అబద్ధం చెప్పారని అడిగాను. చక్రికి మాటిచ్చినట్టు నీకు గుర్తులేదా అన్నాడు. అక్కడ కోపం తెచ్చుకుని లాభం లేదు. నేనైనా ఆ కుర్చీలో ఏం చెప్పి ఉండేదాన్నో నాకు తెలియదు.

ఆ శనివారం చక్రి మా ఇంటికొచ్చాడు. విషయం విని, డిసెంబరు జీతం స్లిప్పు తన మెయిల్లో ఉందన్నాడు. నెలా, తారీఖూ మారిస్తే సరిపోతుందట. పది నిమిషాల పని. పదేళ్ళు అవే కంప్యూటర్లతో కుస్తీ పట్టినవాళ్ళకు అదొక లెక్కా? నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. వద్దన్నాను. దొంగ కాగితం పెడితే వాయిదా తగ్గించే సంగతి దేవుడెరుగు, పోలీసు కేసవుతుంది, నా ఉద్యోగం కూడా పోతుంది అన్నాను.

"మరి ఏం చెయ్యమంటావు వదినా? నిజం చెప్తే మీకు గ్యారంటీ లేదు, నా లోనూ రోడ్డున పడుతుంది, ఉషకీ తెలుస్తుంది. మూడూ ఒక్క రోజే" అన్నాడు చక్రి.

భయం ఎంత చెడ్డదంటే, తప్పని తెలిసిన పనికి కూడా మనం తల అడ్డంగా తిప్పడం మానేస్తాం. నేను మళ్ళీ వద్దనలేదు. స్టవ్ దగ్గరికి వెళ్ళి టీ పెట్టాను. బెంజ్ సర్కిల్ దగ్గర నెట్ సెంటర్లో స్లిప్పు తయారు చేసుకొచ్చారు. నేను దాన్ని ముట్టుకోలేదు కానీ దూరం నుంచి చూశాను. అచ్చం అసలుదానిలాగే ఉంది.

బ్యాంకు పని కోసం సెలవు పెట్టానని చక్రి ఇంట్లో చెప్పాడు. వెళ్ళే రోజు మెట్ల దగ్గర ఉషశ్రీ తయారై నిలబడి ఉంది. అక్క కంగారు పడుతోంది, నేనూ తోడొస్తానంది. ఎండలో ఎందుకని చక్రి అన్నాడు. మీరిద్దరూ మీ మాటల్లో పడతారు, అక్కకి ఎవరుంటారు అంది. చక్రికి ఇంకో సాకు దొరకలేదు. ఆటోలో నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. భయపడకక్కా, సంతకం పెడితే అయిపోయె అంది.

సొలొమోను గారి గదిలో నాలుగు కుర్చీలు వేయించారు. ఒప్పుకోలు పత్రం టైపు చేసి ఉంచారు. నా జీతం సర్టిఫికెట్ కూడా ఇస్తే నన్ను కూడా లోనులో చేరుస్తామని, అది ఫైలుకు బలమని చెప్పారు. తర్వాత చక్రి వైపు చెయ్యి చాచి, స్లిప్పు తెచ్చారా, రీజనల్ ఆఫీసు వాళ్ళు ఎలాగూ మీ కంపెనీకి ఒక మెయిలు పెట్టి సరిచూసుకుంటారు, మామూలే అన్నారు.

చక్రి చెయ్యి సంచిలోనే ఆగిపోయింది. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నాకు ఒక్కటే కనపడింది, మా బడికి పోలీసు మనిషి వచ్చి నా పేరు అడుగుతున్నట్టు. చక్రి కాగితం తీశాడు. అది టేబుల్ మీదికి వస్తోంది. ఆయన వేళ్ళకు అందబోతోంది. నేను లేచి దాని మీద చెయ్యి వేసేశాను.

"తీసుకోకండి సార్. చక్రికీ ఉద్యోగం లేదు. ఇద్దర్నీ ఒక్క రోజే తీసేశారు."

ఆ మాట అన్నది నేనేనా అని నాకే అనిపించింది. నా పక్క కుర్చీలో ఉషశ్రీ ఉందన్న సంగతి అన్నాకే గుర్తొచ్చింది. నిజం చెప్పాలంటే, అనేముందు కూడా గుర్తుంది. నా ఇల్లు, నా ఉద్యోగం, మా మామ. వాటి ముందు ఆ పిల్ల నా కంటికి ఆనలేదు.

సొలొమోను గారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "నేను ఏ కాగితమూ చూళ్ళేదు. అది లోపల పెట్టుకోండి" అన్నారు చక్రితో. కేకలు వెయ్యలేదు. గొంతు మాత్రం మారింది.

ఉషశ్రీ మొగుడి వైపు తిరిగింది. "ప్రతి ఆదివారం నేనే బ్యాగు సర్దాను" అంది. అంతే. కొంగు సర్దుకుని లేచి వెళ్ళిపోయింది. చక్రి వెనకే లేచాడు. ఒప్పుకోలు పత్రం మీద పెన్ను ఉంది. దాని వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఇక నా సంతకం దేనికిలే వదినా" అని వెళ్ళిపోయాడు.

ఆ సంతకం లేకుండా ఫైలు కదలదని సొలొమోను గారు ఇంకోసారి చెప్పారు. ఇలా ఒకే కంపెనీ వాళ్ళు ఒకరికొకరు గ్యారంటీ ఇచ్చుకున్న ఫైళ్ళు ఈ నెలలో ఆయన టేబుల్ మీదికి వచ్చినవి మావి రెండే కావట. నేను లోనులో చేరితే చక్రి జీతం స్లిప్పు అక్కర్లేదు, కానీ పాత గ్యారంటరుగా అతని ఒప్పుకోలు తప్పదు. నెలాఖరులోపు తెచ్చుకోండి అన్నారు.

ఇంటికొచ్చి మా ఆయన ఒక్క పేజీలో ఉత్తరం రాశాడు. ఈసారి తెలుగులో రాశాడు. నేను పక్కన కూర్చున్నాను. "అయ్యా, జనవరిలో నన్ను కంపెనీ తొలగించింది. రెండు వాయిదాలు కట్టలేకపోయాను, ఈ నెలదీ కట్టలేను. ప్రస్తుతం మా ఇంట్లో నా భార్య జీతం పదకొండు వేలు మాత్రమే ఆధారం. ఆరు నెలలపాటు నెలకు ఆరు వేలు కట్టగలం. మిగిలిన వడ్డీని అసలులో కలిపి, లోను కాలం పెంచవలసిందిగా కోరుతున్నాను. నవంబరు నుంచి పూర్తి వాయిదా కడతాను. అప్పటికి నాకు పని దొరక్కపోతే ఫ్లాటును నేనే అమ్మి బాకీ తీరుస్తాను." చివరి వాక్యం పైకి చదువుతూ రాసేటప్పుడు హాల్లో మామ వైపు చూసి గొంతు తగ్గించాడు. ఆయనకు ఎలాగూ వినపడదు.

ఉత్తరం మేనేజరు గారికి ఇచ్చేశాం. మండల విద్యాధికారి ఆఫీసు చుట్టూ తిరిగి జీతం సర్టిఫికెట్ తెచ్చాను. సంతకం ఒక్కటే లేదు. మా ఆయన కిందికి వెళ్ళి తలుపు కొడితే తియ్యలేదు. చక్రి ఫోన్ ఎత్తలేదు. మెట్లెక్కేటప్పుడు, దిగేటప్పుడు ఆ రెండో అంతస్తు దగ్గర ఆగేదాన్ని. లోపల గొడవ వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించేదాన్ని, ఏమీ వినిపించేది కాదు. అదింకా భయంగా ఉండేది. రాజమండ్రిలో ఎవరో సాఫ్ట్‌వేర్ అబ్బాయి గోదాట్లో దూకాడని మా స్టాఫ్ రూమ్‌లో చెప్పుకున్నారు. ఆ రోజు పిల్లలకి ఏం పాఠం చెప్పానో తెలియదు. ఇంటికొచ్చి, వాళ్ళ తలుపు ముందు చక్రి చెప్పులు ఉన్నాయో లేవో చూసుకున్నాకే పైకెక్కాను. నా ఇల్లు నిలవడం కోసం ఒక మనిషి బతికుండాలని కోరుకుంటున్నానా, లేక ఆ మనిషి కోసమేనా? అది కూడా తేల్చుకోలేని స్థితికి వచ్చాను.

నెలాఖరు ఇంకా రెండు రోజులుందనగా సాయంత్రం తలుపు చప్పుడైంది. ఉషశ్రీ. కళ్ళ కింద నల్లటి వలయాలు. చేతిలో మా ఒప్పుకోలు పత్రం. బ్యాంకుకు తనే వెళ్ళి తెచ్చిందట. అడుగున చక్రి సంతకం ఉంది. మా ఆయన లేచి నిలబడ్డాడు, ఏదో అనబోయాడు. ఆమె ఆయన వైపు చూడలేదు.

ఆ కాగితంతోనే మర్నాడు మా ఫైలు రీజనల్ ఆఫీసుకు వెళ్ళింది, గడువు ముంచుకొచ్చేలోపు మంజూరైంది. ఆరు నెలలు ఆరు వేల చొప్పున, ఇరవై ఏళ్ళ లోను ఇరవై నాలుగేళ్ళయింది. మా మామ గోడౌను వెనక్కి వెళ్ళలేదు. ఇవన్నీ తర్వాత సంగతులు. ఆ సాయంత్రం నాకు ఆ కాగితం పట్టుకుని ఏడవాలనిపించింది. ఏడిస్తే ఆమె ఓదార్చాల్సి వస్తుందేమోనని ఆపుకున్నాను.

ఆమె వెళ్ళలేదు. రోజూ కూర్చునే చోటే కూర్చుంది.

"మీకెప్పటి నుంచి తెలుసక్కా?"

"జనవరి నుంచి."

"నేను వచ్చి మీకు ధైర్యం చెప్తుంటే అన్నీ విన్నారు." అందులో కోపం లేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది.

అతను మాట తీసుకున్నాడని చెప్పబోయాను. ఆమెకు అక్కర్లేదని తెలుస్తూనే ఉంది. కార్డుల బాకీతో కలిపి తమది మాకన్నా పెద్ద గుంట అని, గ్యారంటీకి వాళ్ళ నాన్న ఒప్పుకున్నాడని, పొలం పాసు పుస్తకం తెస్తున్నాడని చెప్పింది. పాత గ్యారంటరుగా మీ ఆయన కూడా సంతకం పెట్టాలట అంది. పెడతారన్నాను. అప్పుడు బ్లౌజులోంచి మడిచిన తెల్లకాగితం తీసి నా ముందు పెట్టింది.

"మీరు రాసిచ్చిన ఉత్తరం బాగుందని మేనేజరు గారన్నారు. మాకూ ఒకటి రాయండి. ఆయన రాయలేకపోతున్నాడు."

అది మా ఆయన రాసిందని నేను చెప్పలేదు. పెన్ను తీసుకున్నాను. తారీఖు వేశాను, బ్రాంచి పేరు రాశాను. ఎలా మొదలుపెట్టాలని అడిగాను. ఆమె ముందే అనుకుని వచ్చినట్టు చెప్పింది.

"నా భర్త ఉద్యోగం జనవరిలో పోయింది. నాకు ఏప్రిల్లో తెలిసింది."

మొదటి వాక్యం రాసి ఆగాను. రెండోది బ్యాంకుకు అక్కర్లేదు ఉషా, వాళ్ళు లెక్క మాత్రమే చూస్తారు అన్నాను.

"తెలుసు. రాయండి" అంది.

తల వంచుకుని రాశాను. నేను ఆ వాక్యం పూర్తి చేసేదాకా ఆమె నా చేతి వైపే చూస్తూ కూర్చుంది.